ఉద్యోగం మానేముందు వారాంతాల్లో పరీక్షించి చూడటం: తరచుగా అడిగే ప్రశ్నలు

"ఉద్యోగం మానేసి సొంతంగా ఏదైనా మొదలుపెడదామనుకుంటున్నాను, ముందు ఒక సైడ్ ప్రాజెక్టుగా చేసి చూడొచ్చా?" అని అడిగేవాళ్లు వేసే ప్రశ్నలకు జవాబులు ఇవి. అన్నిటికీ ఒకే ఉదాహరణ తీసుకున్నాను. హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ చేసే ఒకామెను ఊహించుకోండి. చేతికి నెలకు 55,000 రూపాయలు వస్తాయి. ఇంట్లో పిండివంటలు చేసి అమ్మే వ్యాపారంలోకి పూర్తిగా దిగాలని ఆమె ఆలోచన. మీది ఫొటోగ్రఫీ కావచ్చు, ట్యూషన్లు కావచ్చు. అంకెలు మారతాయి గానీ లెక్క వేసే పద్ధతి మారదు.

నేను ఇప్పటికే తీరిక దొరికినప్పుడు చేస్తూనే ఉన్నాను. అది పరీక్ష కాదా?

కాదు. తీరిక ఉన్నప్పుడు, మనసు పుట్టినప్పుడు చేసేది సరదా. సరదాకి చేసినప్పుడు మీకు నచ్చిన భాగమే చేస్తారు. దసరాకి 2 కిలోల సున్నుండలు చుట్టి ఆఫీసులో పంచితే అందరూ "అమ్మితే కొనేస్తాం" అంటారు. ఆ మాట అనడానికి ఎవరికీ ఖర్చు లేదు.

పరీక్ష కావాలంటే మూడు ఉండాలి. ముందే రాసుకున్న ఒక ప్రశ్న, డబ్బు చెల్లించే కొత్తవాళ్లు, ఎప్పుడు ఆపాలో ముందే పెట్టుకున్న తేదీ. వీటిలో ఏది లేకపోయినా మీకు అనుభవం వస్తుంది, జవాబు రాదు. మూడోది చాలామంది వదిలేస్తారు. తేదీ లేని ప్రాజెక్టు ఏళ్లకేళ్లు "బాగానే నడుస్తోంది" అన్న స్థితిలో ఉండిపోతుంది. అటు ఉద్యోగం మీదా ఇటు వ్యాపారం మీదా మనసు పూర్తిగా నిలవదు.

ఏ ప్రశ్న రాసుకోవాలి? "ఈ వ్యాపారం నాకు సరిపోతుందా" అంటే చాలదా?

అది మరీ పెద్ద ప్రశ్న. 8 వారాల్లో దానికి జవాబు దొరకదు. మీ ఆలోచన నిలబడాలంటే ఏయే విషయాలు నిజం కావాలో కాగితం మీద రాయండి. మన ఉదాహరణలో అయితే ఇలా వస్తాయి: రుచి బాగుండాలి, కొత్తవాళ్లు కొనాలి, ఒకసారి కొన్నవాళ్లు మళ్లీ కొనాలి, పెట్టిన గంటలకు తగ్గ డబ్బు రావాలి, రోజూ పొయ్యి దగ్గర నిలబడే ఓపిక ఉండాలి.

ఇప్పుడు వీటిలో ఏది నిజం కాదని తేలితే మొత్తం కూలిపోతుందో, దేని గురించి మీకు అన్నిటికన్నా తక్కువ తెలుసో చూడండి. రుచి గురించి ఆమెకు అనుమానం లేదు. కాబట్టి రుచిని పరీక్షిస్తూ నెలలు గడపడం దండగ. తెలియనివి రెండు: మళ్లీ కొంటారా, గంటకు ఎంత మిగులుతుంది. పరీక్ష వీటి చుట్టూనే కట్టాలి. లోగో, ఇన్‌స్టాగ్రామ్ పేజీ, అందమైన డబ్బాలు ఈ రెండిటిలో దేనికీ జవాబు చెప్పవు. అయినా అందరూ ముందు లోగో దగ్గరే కూర్చుంటారు, అక్కడ ఎవరూ కాదనరు కాబట్టి.

ఎన్ని వారాలు చేయాలి, ఎంత డబ్బు పెట్టాలి?

పిండివంటలకైతే 8 వారాంతాలు సరిపోతాయి. సున్నుండలు, జంతికలు కొన్న ఇంట్లో రెండు మూడు వారాల్లో అయిపోతాయి. అంటే 8 వారాల్లో ఒక ఇంటికి మళ్లీ కొనే అవకాశం రెండుసార్లయినా వస్తుంది. వస్తువు ఎంత కాలానికి అయిపోతుందన్నదాన్ని బట్టి పరీక్ష నిడివి ఉండాలి. ఏడాదికోసారి కొనే ఆవకాయతో ఇదే ప్రయోగం చేస్తే "మళ్లీ కొంటారా" అన్నదానికి జవాబు వచ్చే ఎండాకాలం దాకా రాదు. ఆవకాయ పెట్టి అమ్మినవాళ్లలో చాలామంది ఒక్క సీజన్ చూసి పొంగిపోయేది ఇందుకే.

డబ్బు విషయంలో, పోయినా ఇంట్లో గొడవ రాని మొత్తం ఒకటి అనుకోండి. ఇక్కడ 15,000 రూపాయలు అనుకుందాం. దాన్ని విడిగా ఒక సేవింగ్స్ ఖాతాలో వేసి, కొనుగోళ్లన్నీ అందులోంచే, అమ్మకాల యూపీఐ డబ్బంతా అందులోకే. ఖాతా ఖాళీ అయితే పరీక్ష అయిపోయినట్టే. జీతంలోంచి "ఈ ఒక్కసారికి" సర్దడం మొదలైతే ఎంత పోయిందో ఎవరికీ తెలియదు. కొత్త గ్రైండర్, పెద్ద మూకుడు, సీలింగ్ మెషీన్ లాంటివి ఈ దశలో కొనొద్దు. పప్పు మర పట్టించుకోవచ్చు, పెద్ద గిన్నెలు అద్దెకు దొరుకుతాయి.

రకాలు కూడా రెండే పెట్టుకోండి. ఐదు రకాలు చేస్తే ఏది ఎందుకు అమ్ముడైందో విడదీయడం కష్టం.

ఏ నెలలో మొదలుపెడితే మంచిది?

సంక్రాంతికి, దసరాకి, దీపావళికి ముందు వద్దు. డిసెంబరు చివర్లో మొదలుపెడితే జనవరి 15 దాకా అరిసెలు, జంతికలు ఎవరు చేసినా పోతాయి. ఆ అమ్మకాలు చూసి ఫిబ్రవరిలో రాజీనామా ఇస్తే మార్చిలో ఫోన్ మోగదు.

నా మటుకు నేను ఆషాఢం చెబుతాను. శుభకార్యాలు ఉండవు, కొత్త పని మొదలుపెట్టడానికి మంచిది కాదని పెద్దవాళ్లు అంటారు. ఇంట్లో వాళ్లకు పట్టింపు ఉంటే జ్యేష్ఠంలోనే మొదటి అమ్మకం చేసేయండి. గిరాకీ లేని నెలలో ఎంత అమ్ముడుపోతుందో తెలిస్తే, అది మీ వ్యాపారానికి కింది మెట్టు. పండగ నెలలు ఆపైన వచ్చేవి.

ముందు బంధువులకు, ఆఫీసులో వాళ్లకు అమ్మొచ్చా?

అమ్మండి, లెక్కలో వేయకండి. వాళ్లు మిమ్మల్ని చూసి కొంటారు. పిన్ని రెండు కిలోలు తీసుకుంటే అది ప్రేమ. మీ టీమ్ లీడ్ కొంటే అది మర్యాద. పుస్తకంలో రెండు పేజీలు పెట్టుకోండి: ఒకటి తెలిసినవాళ్లు, ఇంకోటి కొత్తవాళ్లు. నిర్ణయం రెండో పేజీ చూసే తీసుకోవాలి.

కొత్తవాళ్లను చేరడానికి సులువైన చోటు పెద్ద అపార్ట్‌మెంట్ కాంప్లెక్సుల వాట్సాప్ గ్రూపులు. మీరుండే కాంప్లెక్సు కాకుండా వేరేది చూసుకోండి, మీ కాంప్లెక్సులో సగం మంది తెలిసినవాళ్లే ఉంటారు. అక్కడున్న స్నేహితురాలి చేత ఒక్క మెసేజ్ పెట్టించండి: రకం, ధర, ఎప్పటిలోగా చెప్పాలి, డబ్బు ముందే పంపాలి. ముందే పంపాలన్నది ముఖ్యం. "నాకూ ఒక కిలో" అని 30 మంది అంటారు, యూపీఐ చేసేది 11 మందే కావచ్చు. ఆ 11 అన్నదే అసలు అంకె.

మళ్లీ కొనడం కూడా వాళ్లంతట వాళ్లు కొంటేనే లెక్క. గ్రూపులో వారానికోసారి మామూలు మెసేజ్ పెట్టొచ్చు. విడివిడిగా ఫోన్ చేసి "అక్కా, ఈ వారం పంపనా?" అని అడిగితే మొహమాటానికి సరే అంటారు, ఆ అమ్మకం మీకు ఏమీ చెప్పదు.

గంటకు ఎంత మిగిలిందో ఎలా లెక్క కట్టాలి?

ఒక వారాంతం లెక్క మొత్తం వేసి చూద్దాం. ఇవి ఉదాహరణ అంకెలు, నెయ్యి ధర, నూనె ధర మీ దగ్గర ఎలా ఉంటే అలా మార్చుకోండి.

8 కిలోల సున్నుండలు కిలో 700 చొప్పున, 6 కిలోల జంతికలు కిలో 450 చొప్పున అమ్మారు. వచ్చింది 8,300 రూపాయలు. సున్నుండలకు మినప్పప్పు, బెల్లం, నెయ్యి కలిపి కిలోకు 300 పడింది, అంటే 2,400. ఇందులో సగానికి పైగా నెయ్యే. జంతికలకు పిండి, వాము, వెన్న, నూనె కలిపి కిలోకు 170, అంటే 1,020. గ్యాస్ 150. అరకిలో ప్యాకెట్లు 28, వాటికి 340. ఇళ్లకు పంపడానికి 700. విరిగినవి, రుచి చూపించినవి, మెత్తబడ్డాయని ఒకరు వెనక్కి ఇచ్చినవి కలిపి 300. మొత్తం ఖర్చు 4,910. మిగిలింది 3,390.

ఇక్కడిదాకా అందరూ వేస్తారు, వేసి సంతోషిస్తారు. ఇప్పుడు గంటలు రాయండి. సరుకులు తేవడానికి 2, పప్పు దోరగా వేయించి మర పట్టించడానికి 3, ఉండలు చుట్టడానికి 5, జంతికలు వేయడానికి 5, తూచి ప్యాక్ చేయడానికి 3, మెసేజీలకు, డెలివరీలకు 6, గిన్నెలు, వంటిల్లు కడగడానికి 2. మొత్తం 26 గంటలు. 3,390ని 26తో భాగిస్తే గంటకు 130 రూపాయలు.

చేతికొచ్చే 55,000 రావాలంటే ఈ లెక్కన నెలకు 423 గంటలు చేయాలి. నెలలో 30 రోజులూ, రోజుకు 14 గంటలు. అంటే ఈ రూపంలో ఈ వ్యాపారం ఉద్యోగాన్ని భర్తీ చేయలేదు. రుచికీ గిరాకీకీ దీంతో సంబంధం లేదు. ఈ విషయం 15,000 రూపాయల లోపలే, జీతం వస్తుండగానే తెలిసింది.

అమ్మ, అత్తయ్య సాయం చేస్తారు. వాళ్ల గంటలు కూడా వేయాలా?

వేయాలి. మన దగ్గర ఇంటి వ్యాపారాల లెక్క తప్పేది ఎక్కువగా ఇక్కడే. పై 26 గంటల్లో 9 గంటలు అమ్మవి అనుకోండి. అవి వదిలేస్తే గంటకు 199 రూపాయలు వస్తున్నట్టు కనపడుతుంది. అసలైన 130కీ ఆ 199కీ మధ్య ఉన్నదంతా ఆవిడ నడుము నొప్పి. వారాంతంలో సరదాగా ఉండలు చుట్టిన అమ్మ వారానికి ఆరు రోజులు చుట్టలేరు. మీరు ఉద్యోగం మానేశాక ఆ పనికి ఒక మనిషిని పెట్టుకోవాల్సిందే, జీతం ఇవ్వాల్సిందే.

దీనికి ఒక చిన్న పరీక్ష ఉంది. ఆఖరి రెండు వారాలు ఇంట్లోవాళ్ల సాయం ఆపేసి, ఒక మనిషికి కూలి ఇచ్చి చేయించండి. డబ్బు లెక్కతో పాటు ఇంకో సంగతి కూడా బయటపడుతుంది. పప్పు ఎంత వేగాలో అమ్మకు కంటికి తెలుసు, కొత్త మనిషికి తెలియదు. ఒకసారి పచ్చివాసన వస్తుంది, ఒకసారి మాడుతుంది. ఆ రుచిని ఇంకొకరికి నేర్పగలరా లేదా అన్నది మీ వ్యాపారం ఎంతవరకు పెరుగుతుందో చెబుతుంది.

గంటకు 130 అని తేలితే వదిలేయడమేనా?

వెంటనే కాదు. ఆ 26 గంటల్లో ఎక్కడ పోతోందో చూసి, ఒక్కసారికి ఒక్క మార్పు చేసి మళ్లీ కొలవండి.

ఇక్కడ కొట్టొచ్చినట్టు కనపడేది డెలివరీ. ఇంటింటికీ పంపడం మానేసి, ఆదివారం సాయంత్రం 4 నుంచి 6 దాకా ఆ కాంప్లెక్సు గేటు దగ్గరే ఇస్తామని చెప్పారనుకోండి. 4 గంటలు, 600 రూపాయలు తగ్గాయి. మిగిలింది 3,990, గంటలు 22, గంటకు 181. ఎవరైనా "ఇంటికి పంపకపోతే వద్దు" అంటే, వాళ్లు కొంటున్నది సున్నుండలు కాదు, సౌకర్యం అని తెలుస్తుంది.

తర్వాత ధర. ధర పెంచడానికి అందరికీ టెన్షన్. కానీ ఈ పరీక్షలో మీకు ఉద్యోగం అండగా ఉంది కాబట్టి ధరతో ఆడుకోవడానికి ఇంతకన్నా మంచి సమయం రాదు. సున్నుండలు 800 చేసి రెండు వారాలు చూడండి. 8 కిలోలూ పోతే 4,790 మిగులుతుంది, గంటకు దాదాపు 218. ఇప్పుడు 55,000కి కావాల్సింది 252 గంటలు. నెలకు 25 రోజులు, రోజుకు 10 గంటలు. కష్టమే గానీ మనిషి చేయగలిగిన పని.

అయితే ఆ 252 గంటల్లో తయారయ్యేది ఎంత? నెలకు దాదాపు 90 కిలోల సున్నుండలు, 70 కిలోల జంతికలు. ఒక కాంప్లెక్సులో 11 మంది కొంటే ఆ సరుకు పోదు. కాబట్టి రెండో దఫా పరీక్షకు ప్రశ్న మారింది: ఇంకో నాలుగైదు కాంప్లెక్సుల్లో ఇదే స్పందన వస్తుందా? ఒక స్వీట్ షాపు వాళ్లు తీసుకుంటే వాళ్ల మార్జిన్ పోగా మనకు ఎంత మిగులుతుంది?

ఏది గెలుపో ఏది ఓటమో ముందే ఎలా నిర్ణయించుకోవాలి?

మొదటి వారానికి ముందే రాసి, ఇంట్లో ఒకరికి ఇచ్చి సంతకం పెట్టించండి. ఇలా ఉండొచ్చు: "8 వారాల చివరికి కొత్తవాళ్లలో కనీసం 12 ఇళ్లు అడగకుండా మళ్లీ కొనాలి. అందరి గంటలూ వేస్తే గంటకు 150 తగ్గకూడదు. ఆదివారం రాత్రి 'వచ్చే వారం కూడా చేస్తాను' అని కనీసం 6 వారాలు అనిపించాలి."

మూడోది కూడా అంకెలాగే రాయాలి. ఆదివారం రాత్రి పడుకునే ముందు "చేస్తాను" లేదా "చేయను" అని ఒక్క మాట క్యాలెండర్ మీద రాయండి. రెండు నెలల తర్వాత గుర్తు తెచ్చుకుంటే బాగా జరిగిన వారాలే గుర్తొస్తాయి.

మూడింటిలో ఒకటి తప్పితే, ఆ ఒక్కదాన్ని మార్చి ఇంకో 4 వారాలు. రెండు తప్పితే ఆపేయండి. ఇది నా కొలత. మీకు ఇంకోటి సరిపోవచ్చు. ఎటొచ్చీ అంకెలు వచ్చాక కొలత మార్చకూడదు.

కంపెనీకి చెప్పాలా?

ముందు మీ ఆఫర్ లెటర్, ఉద్యోగుల నియమావళి చదవండి. చాలా ఐటీ కంపెనీల ఒప్పందాల్లో రాతపూర్వక అనుమతి లేకుండా వేరే ఉద్యోగం, వ్యాపారం చేయకూడదన్న షరతు ఉంటుంది. 2022 సెప్టెంబరులో విప్రో తమ పోటీ కంపెనీలకు కూడా పనిచేస్తున్నారంటూ 300 మందిని తీసేసినప్పుడు ఇది పెద్ద చర్చ అయింది. అదే ఏడాది అక్టోబరులో ఇన్ఫోసిస్, ముందస్తు అనుమతితో, తమకు గానీ తమ క్లయింట్లకు గానీ పోటీ కాని పనులు చేసుకోవచ్చని ఉద్యోగులకు చెప్పింది. కంపెనీకీ కంపెనీకీ పద్ధతి వేరు.

పిండివంటలు సాఫ్ట్‌వేర్ కంపెనీకి పోటీ కావు కాబట్టి అనుమతి దొరికే అవకాశం ఎక్కువ. హెచ్‌ఆర్‌కు చిన్న ఈమెయిల్ పెట్టి జవాబు దాచుకోండి. మీ పరీక్ష కోడింగ్, డిజైన్, కన్సల్టింగ్ లాంటిదైతే జాగ్రత్త ఇంకా ఎక్కువ కావాలి. కంపెనీ ల్యాప్‌టాప్ ముట్టుకోకూడదు, ఆఫీసు గంటల్లో చేయకూడదు. మీరు రాసినది కంపెనీకే చెందుతుందన్న షరతు ఉందేమో కూడా చూడాలి.

ప్రభుత్వ ఉద్యోగుల సంగతి వేరు. ప్రవర్తనా నియమాల ప్రకారం ముందస్తు అనుమతి లేకుండా వ్యాపారం చేయకూడదు. భార్య పేరు మీద నడిపితే సరిపోతుందనే సలహా ఎవరైనా ఇస్తే వినకండి. కుటుంబ సభ్యుల వ్యాపారాన్ని కూడా తెలియజేయాల్సి ఉంటుంది.

నేను అమెరికాలో హెచ్-1బీ మీద ఉన్నాను. ఇదే పద్ధతి నాకూ పనికొస్తుందా?

ఇలా కాదు. హెచ్-1బీ మీకు స్పాన్సర్ చేసిన యజమాని దగ్గర పని చేయడానికే. వారాంతంలో పిండివంటలు చేసి అమ్మడం, డబ్బుకు ఫొటోలు తీయడం అనుమతి లేని పని కిందకు వస్తాయి. తక్కువ మొత్తమే కదా అన్నది అక్కడ చెల్లదు. రేపు గ్రీన్ కార్డు దరఖాస్తు దగ్గర ఇబ్బంది పెట్టొచ్చు. అక్కడున్నవాళ్లకు మిగిలేది డబ్బు తీసుకోని పరీక్షలు: కోర్సు చేయడం, ఆ పని చేసేవాళ్లతో కొన్ని రోజులు కూర్చుని చూడటం. డబ్బు పుచ్చుకోకపోయినా మామూలుగా జీతం ఇచ్చి చేయించే పనిని ఒక వ్యాపారానికి చేసిపెడితే అది కూడా చిక్కే. మొదలుపెట్టే ముందు ఇమ్మిగ్రేషన్ లాయర్‌ను ఒకసారి అడగండి.

8 వారాల పరీక్షకు లైసెన్సులు, పన్నులు అవసరమా?

తిండి వస్తువు అమ్ముతున్నారంటే ఇంట్లో చేసినా ఆహార భద్రతా సంస్థ ఎఫ్ఎస్ఎస్ఏఐ దగ్గర రిజిస్ట్రేషన్ కావాలి. చిన్న స్థాయివాళ్లకు పెద్ద లైసెన్సు అక్కర్లేదు, foscos.fssai.gov.in లో దరఖాస్తు పెట్టుకోవచ్చు. వచ్చిన 14 అంకెల నంబరు ప్యాకెట్ మీద వేయాలి. దానితో పాటు ఏమేం వేశారో, బరువెంత, ఎప్పుడు చేశారు, ఎప్పటిలోగా తినాలి, ఎవరు చేశారు అన్నవి ఉండాలి. ఇది పరీక్షలో భాగమే అనుకోండి. ఈ కాగితాల పని రెండు వారాలకే విసుగు పుట్టిస్తే, వ్యాపారంలో అది ప్రతి నెలా ఉంటుంది.

జీఎస్టీలో చాలామంది గమనించనిది ఒకటి ఉంది. తెలంగాణలో సరుకులు అమ్మేవాళ్లకు ఏడాదికి 20 లక్షల టర్నోవర్ దాకా రిజిస్ట్రేషన్ అక్కర్లేదు. కానీ ఆ మినహాయింపు రాష్ట్రం లోపలి అమ్మకాలకే. సరుకు వేరే రాష్ట్రానికి అమ్మితే మొదటి ప్యాకెట్ నుంచే రిజిస్ట్రేషన్ కావాలి. హైదరాబాద్ నుంచి చూస్తే విజయవాడ కూడా వేరే రాష్ట్రమే. పరీక్ష ఉన్నన్నాళ్లూ ఊళ్లోనే అమ్మండి.

ఆదాయపు పన్నుకు, వచ్చిన లాభాన్ని జీతంతో కలిపి చూపాలి. వ్యాపార ఆదాయం ఉంటే ఐటీఆర్-1 పనికిరాదు, వేరే ఫారం వేయాలి. ఆడిటర్‌కు ఒక గంట చాలు.

బాగా అమ్ముడవుతోంది. ఇక రాజీనామా ఇవ్వొచ్చా?

ఇంకొక్క పరీక్ష మిగిలింది. వారాంతపు పరీక్ష ఒక విషయం దాచిపెడుతుంది: శని, ఆదివారాల్లో మీరు చేస్తున్నది ఉద్యోగం నుంచి విరామం. సోమవారం కుర్చీలో కూర్చుని ఏసీలో నడుముకు విశ్రాంతి ఇస్తున్నారు. అదే పని వారమంతా చేస్తే ఎలా ఉంటుందో ఇంకా తెలియదు.

సంపాదించుకున్న సెలవులు వరసగా 10 పని రోజులు పెట్టండి. ఆ రెండు వారాలూ పూర్తి స్థాయిలో, పూర్తి సమయం చేయండి. మంగళవారం మధ్యాహ్నం మూకుడు ముందు ఒంటరిగా నిలబడ్డప్పుడు, మాట్లాడటానికి టీమ్ లేనప్పుడు, ఆర్డర్లు రాని బుధవారం నాడు మీరేం చేస్తారో చూడండి. వారాంతాల్లో అన్ని కొలతలూ దాటినవాళ్లు ఈ రెండు వారాల దగ్గర ఆగిపోవడం ఆశ్చర్యమేమీ కాదు. పని నచ్చుతుంది, ఆ పనితో నిండిన వారం నచ్చదు.

ఇలా రెండు పడవల మీద కాళ్లు పెడితే రెండూ మునుగుతాయంటారు కదా?

2014లో జోసెఫ్ రఫీ, జీ ఫెంగ్ అనే పరిశోధకులు అమెరికాలో వేలమంది ఉద్యోగ జీవితాల సమాచారం తీసుకుని దీన్ని చూశారు. ఉద్యోగం చేస్తూనే వ్యాపారం మొదలుపెట్టి తర్వాత పూర్తిగా మారినవాళ్లు, ఒకేసారి దూకినవాళ్లతో పోలిస్తే వ్యాపారం వదిలేసే అవకాశం 33 శాతం తక్కువగా ఉంది. వాళ్ల వివరణ ఏమిటంటే, ఆ కాలంలో తమకు ఆ పని సరిపోతుందా లేదా అన్నది నేర్చుకుంటారు, సరిపోనివాళ్లు ముందే తప్పుకుంటారు.

ఆ రెండో సగం గమనించండి. ఈ పద్ధతి వల్ల సరిపోని వ్యాపారం గెలవదు. సరిపోదని ముందే తెలుస్తుంది, అంతే. అది అమెరికా సమాచారం కూడా. మన దగ్గర ఇంటి ఈఎంఐలు, అమ్మానాన్నల వైద్యం ఎక్కువగా జీతం మీదే నడుస్తాయి కాబట్టి, దూకి చూసే ఖర్చు ఇక్కడ ఇంకా ఎక్కువని నేననుకుంటాను.

ఏ వృత్తినైనా ఇలా పరీక్షించొచ్చా?

లేదు. డాక్టర్, లాయర్ లాంటివి చదువు, అనుమతి లేకుండా చేయలేరు. సివిల్స్ ప్రిపరేషన్‌ను వారాంతాల్లో "పరీక్షించడం" కుదరదు. పాలీహౌస్ సాగు లాంటివి మొదట్లోనే లక్షలు అడుగుతాయి. ఇలాంటివాటిలో ఆ పనిలోని ఒక ముక్కను మాత్రమే చూడగలరు. పాలీహౌస్ అనుకునేవాళ్లు ముందు వేరేవాళ్ల పాలీహౌస్‌లో ఒక పంట కాలం పాటు వారాంతాలు కూలీగా చేసి రావచ్చు. ఏప్రిల్ మధ్యాహ్నం లోపల ఎంత వేడి ఉంటుందో యూట్యూబ్ వీడియోలో తెలియదు.

మానేయాలని తేలింది. రాజీనామాకు ముందు ఏమేం చూసుకోవాలి?

ఆరోగ్య బీమా అన్నిటికన్నా ముందు. కంపెనీ గ్రూప్ పాలసీ ఉద్యోగంతో పాటే పోతుంది. సొంత పాలసీలో ముందునుంచే ఉన్న షుగర్, బీపీ లాంటి జబ్బులకు 3 ఏళ్ల దాకా వేచి ఉండాల్సి రావచ్చు. అందుకే పరీక్ష మొదలైన నెలలోనే సొంత పాలసీ తీసుకోండి. మీరు సున్నుండలు చుడుతున్నంత కాలం ఆ గడియారం నడుస్తూ ఉంటుంది. చివరికి ఉద్యోగం మానకపోయినా పాలసీ వృథా కాదు.

తర్వాత గ్రాట్యుటీ. పర్మినెంట్ ఉద్యోగులకు అది సాధారణంగా 5 ఏళ్ల సర్వీసు దాటితేనే. నాలుగున్నరేళ్ల దగ్గర ఉన్నవాళ్లు ఇంకొన్ని నెలలు ఆగితే ఒక ఏడాది ఇంటి సరుకుల ఖర్చు వచ్చేయొచ్చు. ఇంటి లోన్ తీసుకునే ఆలోచన ఉంటే జీతం స్లిప్పులు ఉన్నప్పుడే తేల్చుకోండి, కొత్త వ్యాపారికి బ్యాంకులు రెండు మూడేళ్ల రిటర్న్‌లు అడుగుతాయి. ఆ ఈఎంఐని 252 గంటల లెక్కలో కలపడం మర్చిపోవద్దు. మీ 55,000లో కనపడని కంపెనీ పీఎఫ్ వాటా కూడా అందులో కలపాలి. అప్పుడు కావాల్సిన గంటలు 252 కన్నా పెరుగుతాయి, కొన్నిసార్లు బాగా పెరుగుతాయి.

ఇక నోటీసు పీరియడ్. 90 రోజులైతే దాని చివరి రోజు సంక్రాంతికి ఆరేడు వారాల ముందు పడేలా రాజీనామా తేదీ పెట్టుకోండి. పరీక్షకు పనికిరాని పండగ సీజన్, పూర్తి సమయం మొదలుపెట్టడానికి మాత్రం అన్నిటికన్నా మంచిది.